డయాఫ్రం వాల్, బెంటొనైట్ స్లర్రీ: తరచుగా అడిగే ప్రశ్నలు

సైట్లో కొత్తగా చేరిన ఇంజినీర్లు, పక్కింట్లో బేస్‌మెంట్ తవ్వుతుంటే భయపడుతున్న ఇళ్లవాళ్లు, పోలవరం వార్తలు చదివేవాళ్లు తిప్పితిప్పి అడిగే సందేహాలే ఇవి. పని జరిగే వరుసలో పెట్టాం. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా ఇబ్బంది ఉండదు. లెక్క చూపాల్సిన చోట ఒకే నమూనా వాడాం: కృష్ణ ఒడ్డున విజయవాడలో దొరికేలాంటి ఇసుక నేల, భూమికి 2 మీటర్ల కింద ఊటనీరు, 6 మీటర్ల పొడవు, 80 సెంటీమీటర్ల మందం, 30 మీటర్ల లోతు ఉన్న ప్యానెల్, అంటే గోడలో ఒకసారికి తవ్వి కాంక్రీట్ పోసే ముక్క.

## తవ్వకానికి ముందు

డయాఫ్రం వాల్ అంటే మట్టిని ఆపే మామూలు రిటైనింగ్ వాలే కదా, అంత హడావిడి ఎందుకు?

మామూలు రిటైనింగ్ వాల్‌కి ముందు గొయ్యి తవ్వి, అందులో దిగి, షట్టరింగ్ కట్టి, కాంక్రీట్ పోస్తారు. డయాఫ్రం వాల్ తిరగేసిన పని. ముందు గోడ కట్టేసి, ఆ తర్వాతే దాని లోపలివైపు మట్టి తీస్తారు. గోడ మందం ఎంతో అంతే వెడల్పున్న సన్నటి కందకాన్ని 20, 30, ఒక్కోచోట 50 మీటర్లు దాటి తవ్వుతారు. అందులోకి మనిషి దిగడు. ఇనుప కడ్డీలతో అల్లిన కేజ్‌ని క్రేన్‌తో దించి, కాంక్రీట్‌ని పైపుతో అడుగు నుంచి నింపుతారు. కేజ్ దించి కాంక్రీట్ పోసేదాకా ఆ కందకం గట్లు కూలకుండా నిలబడాలి. హడావిడంతా దానికే. గట్లని నిలబెట్టడానికి కందకంలో నింపేదే బెంటొనైట్ స్లర్రీ, అంటే బెంటొనైట్ పొడి కలిపిన నీరు.

ఈ పద్ధతి ఇటలీలో, ముఖ్యంగా మిలాన్ చుట్టుపక్కల, 1950ల్లో స్థిరపడింది. ఆస్ట్రియా ఇంజినీర్ క్రిస్టియన్ వేడర్ దీనికి ఆద్యుల్లో ఒకరు. మిలాన్ మెట్రో తవ్వకాల్లో విరివిగా వాడాక మిగతా దేశాలకు పాకింది. మన దగ్గర దీనికి ఐఎస్ 9556 అనే కోడ్ ఉంది. హైదరాబాద్‌లో బేస్‌మెంట్లకి ఇది తక్కువగా కనిపించడానికి కారణం కింద ఉన్న గ్రానైట్. కొద్ది మీటర్లలోనే రాయి తగిలే చోట ఇంత ఖర్చు పెట్టక్కర్లేదు. నదుల ఒడ్డున, డెల్టాల్లో, చెన్నై లాంటి తీరప్రాంతాల్లో దీని అవసరం తెలుస్తుంది.

బెంటొనైట్ ఏమైనా కెమికలా?

కాదు, మట్టే. మాంట్‌మోరిలోనైట్ అనే ఖనిజం ఎక్కువగా ఉన్న బంకమట్టి. మన దేశంలో గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బార్మేర్ నుంచి ఎక్కువగా వస్తుంది. దీని రేణువులు పలకల్లా ఉంటాయి. నీరు ఆ పలకల మధ్య దూరితే ఉబ్బి విడిపోతాయి. సోడియం రకం బాగా ఉబ్బుతుంది, కాల్షియం రకం అంతగా ఉబ్బదు. అందుకే కాల్షియం రకాన్ని సోడాయాష్‌తో మార్చి అమ్ముతారు.

వాడేది కొంచెమే. వంద కిలోల నీటికి సుమారు నాలుగైదు కిలోల పొడి. కలిపాక చూస్తే చిక్కటి మజ్జిగలా ఉంటుంది. ఘనపు మీటరు బరువు 1.03 నుంచి 1.05 టన్నులు, అంటే నీటికన్నా కాస్తే ఎక్కువ. ఇంత పల్చటిది 30 మీటర్ల గట్టుని ఎలా ఆపుతుందన్న అనుమానం అందరికీ వస్తుంది, రావాలి కూడా.

పొడి కలిపిన వెంటనే కందకంలోకి పంపొచ్చా?

వద్దు. మిక్సర్ నుంచి వచ్చినప్పుడు చిక్కగా కనిపించినా, పలకలు పూర్తిగా ఉబ్బడానికి టైం పడుతుంది. రాత్రి కలిపి ట్యాంకులో ఉంచి మర్నాడు వాడటం మంచి అలవాటు. వేగంగా తిరిగే మిక్సర్ ఉంటే కొన్ని గంటలు చాలు. నీటిలో ఉప్పు ఉన్నా, కాల్షియం ఎక్కువున్నా రేణువులు ముద్దలు కట్టి కిందికి దిగిపోతాయి. అందుకే సముద్రం దగ్గరి సైట్లలో బోరు నీటిని టెస్ట్ చేయకుండా వాడకూడదు. ఒక గాజు జాడీలో స్లర్రీ పోసి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైన తేట నీరు కనిపిస్తే ఆ నీరో, ఆ పొడో పనికిరాదు.

గైడ్ వాల్ ఎందుకు? దాన్ని తర్వాత పగలగొడతారు కదా?

కందకానికి రెండువైపులా మీటరు, మీటరున్నర లోతున కట్టే సన్నటి కాంక్రీట్ గోడలవి. మట్టిని పట్టి తీసే గ్రాబ్ సరిగ్గా ఎక్కడ దిగాలో చూపిస్తాయి. కేజ్ బరువుని, ప్యానెల్ చివర్లో నిలబెట్టే స్టాప్ ఎండ్ పైపుల బరువుని మోస్తాయి. వీటికన్నా ముఖ్యమైన పని ఇంకోటుంది. గ్రాబ్ పైకీ కిందికీ వెళ్తున్నప్పుడు స్లర్రీ మట్టం ఊగే మేర అంతా ఈ గైడ్ వాల్ లోపలే ఉంటుంది కాబట్టి, అక్కడ మట్టి విరిగిపడదు. ఊటనీరు మరీ పైకి ఉన్న చోట గైడ్ వాల్‌ని నేల కన్నా ఎత్తుగా కట్టి, స్లర్రీ మట్టాన్ని పెంచుకుంటారు.

## తవ్వుతున్నప్పుడు

అంత పల్చటి స్లర్రీ గట్టుని ఎలా ఆపుతుంది?

రెండు పనులు కలిస్తేనే ఆపుతుంది. మొదటిది పొర. కందకంలో స్లర్రీ మట్టం బయటి ఊటనీటి కన్నా ఎత్తులో ఉంటుంది కాబట్టి, స్లర్రీ గట్టులోకి చొరబడాలని చూస్తుంది. నీరు ఇసుకలోకి ఇంకిపోతుంది, బెంటొనైట్ పలకలు గట్టు మీదే ఆగిపోతాయి. కాసేపట్లో కొద్ది మిల్లీమీటర్ల మందాన జిగురు పొర ఏర్పడి, గట్టుకి తోలు వేసినట్టవుతుంది. ఉత్త నీళ్లు నింపితే ఈ పొర ఉండదు. ఎంత పోసినా ఇసుకలోంచి పారిపోతుంది, గట్టు మీద ఒత్తిడి నిలవదు.

రెండోది ఆ పొర మీద పడే ఒత్తిడి. గట్టుని నిలబెట్టేది స్లర్రీ మొత్తం బరువు కాదు, అందులోంచి బయటి నీటి ఒత్తిడి తీసేస్తే మిగిలే తేడా. నమూనా ప్యానెల్ చూడండి. స్లర్రీ మట్టం నేలకి 30 సెంటీమీటర్ల కింద, ఊటనీరు 2 మీటర్ల కింద ఉందనుకుందాం. 20 మీటర్ల లోతున స్లర్రీ పైఎత్తు 19.7 మీటర్లు. 1.05తో గుణిస్తే చదరపు మీటరుకి 20.7 టన్నుల ఒత్తిడి. బయటి నీరు 18 టన్నులతో ఎదురు నెడుతుంది. మిగిలింది 2.7 టన్నులు. గట్టు మట్టిని ఆపడానికి అక్కడ ఉన్న బలం అంతే.

స్లర్రీ మట్టం కొంచెం తగ్గితే అంత ప్రమాదమా?

అవును. తవ్వేటప్పుడు ఒక్క విషయమే చూసే వీలుంటే దీన్నే చూడాలి. ఊటనీరు నేలకి 2 మీటర్ల కింద ఉన్న ఇసుక నేలలో, మొదట 30 సెంటీమీటర్ల కింద ఉన్న స్లర్రీ 1.7 మీటర్లు పడిపోయి ఊటనీటితో సమానమైందనుకోండి. 20 మీటర్ల లోతున మిగులు ఒత్తిడి 2.7 టన్నుల నుంచి 0.9 టన్నులకి పడుతుంది. 5 మీటర్ల లోతున పరిస్థితి ఇంకా ఘోరం. మామూలుగా అక్కడ 1.9 టన్నుల మిగులు ఉంటుంది, మట్టం పడ్డాక అది 0.15 టన్నులే. దాదాపు ఏమీ లేనట్టే. అందుకే కందకాలు ఎక్కువగా పైభాగంలోనే విరుగుతాయి, అడుగున కాదు.

ఇంతలా పడటానికి పెద్ద లీకేజీ అక్కర్లేదు. ప్యానెల్లో గ్రాబ్ మొదట తవ్వే కాటు 2.8 మీటర్ల పొడవు, 0.8 మీటర్ల వెడల్పు అనుకుంటే, కందకం వైశాల్యం 2.24 చదరపు మీటర్లు. గ్రాబ్ ఒకసారికి ఒక ఘనపు మీటరు మట్టి తెస్తే మట్టం 45 సెంటీమీటర్లు దిగుతుంది. గ్రాబ్ పైకి వచ్చేసరికి దాని ఇనుము ఆక్రమించిన జాగా కూడా ఖాళీ అవుతుంది. నాలుగుసార్లు తీసేదాకా పంపు ఆపరేటర్ టీకి వెళ్లాడంటే లెక్క అయిపోయినట్టే. ఊటనీటి కన్నా కనీసం మీటరు, వీలైతే మీటరున్నర ఎత్తున స్లర్రీ ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. వానాకాలంలో ఊటనీరే పైకొస్తుంది. స్లర్రీ కదలకపోయినా మిగులు తగ్గుతుంది. అందుకని పక్కన ఒక గొట్టపు బావి వేసి రోజూ నీటి మట్టం కొలవాలి.

లెక్క వేస్తే మట్టి ఒత్తిడి స్లర్రీ కన్నా ఎక్కువ వస్తోంది. మరి గట్టు ఎందుకు కూలడం లేదు?

మంచి ప్రశ్న. పుస్తకంలోని మామూలు సూత్రంతో, ఇసుకకి 30 డిగ్రీల ఘర్షణ కోణం తీసుకుంటే, 20 మీటర్ల లోతున గట్టు మట్టి చదరపు మీటరుకి సుమారు 6.6 టన్నులతో నెట్టాలి. స్లర్రీ మిగులు 2.7 టన్నులే. ఆ సూత్రం కందకం అంతులేని పొడవుందని అనుకుంటుంది. మన ప్యానెల్ 6 మీటర్లే. వెనకున్న మట్టి రెండు చివరల గట్టి నేల మీద ఆనుకుని విల్లులా వంగి, తన భారంలో చాలావరకు పక్కలకి మోసేస్తుంది. లోతు పెరిగేకొద్దీ ఈ ఆసరా ఎక్కువ. స్లర్రీలో తేలే ఇసుక దాని బరువుని కొంత పెంచి, అది కూడా సాయపడుతుంది.

గోడని ముక్కలుగా కట్టడానికి ఒక ముఖ్యమైన కారణం ఇదే. ఒకటి వదిలి ఒకటి తవ్వి, మధ్యవి తర్వాత పూర్తిచేస్తారు. పక్కనే పాత భవనం పునాది ఉంటే, క్రేన్ గట్టు అంచున నిలబడాల్సి వస్తే, ప్యానెల్ పొడవుని 6 నుంచి ఒకే కాటుకి, అంటే 2.8 మీటర్లకి తగ్గించేస్తారు. కాంట్రాక్టర్‌కి జాయింట్లు పెరుగుతాయి, ఖర్చు పెరుగుతుంది, గొణుగుతాడు. ఆ గొణుగుడు విని ఊరుకోవడమే మంచిది.

ఉన్నట్టుండి స్లర్రీ జర్రున దిగిపోతోంది, ఏం చేయాలి?

గులకరాళ్ల పొరో, పాత బావో, పగిలిన డ్రైనేజీ పైపో తగిలిందన్నమాట. రాళ్ల మధ్య సందులు పెద్దవైతే పలకలు గట్టు మీద ఆగవు, పొర కట్టదు. స్లర్రీ తనంతట తాను గట్టిపడి ఆగేదాకా లోపలికి పోతూనే ఉంటుంది. వెంటనే తవ్వడం ఆపి, ట్యాంకులో ఉన్న స్లర్రీ అంతా కందకంలోకి మళ్లించాలి. అందుకే తవ్వే ప్యానెల్ ఘనపరిమాణానికి సరిపడా నిల్వ ఎప్పుడూ ట్యాంకుల్లో ఉండాలి. నష్టం కొద్దిగా ఉంటే చిక్కటి స్లర్రీ, రంపపు పొట్టు లాంటివి వేసి సందులు మూస్తారు. ఆగకపోతే మొహమాటపడకుండా కందకాన్ని మట్టితోనో, సిమెంట్ తక్కువున్న కాంక్రీట్‌తోనో నింపేసి, గట్టిపడ్డాక మళ్లీ తవ్వాలి. ఒక రోజు పోతుంది. గట్టు కూలి రోడ్డు కుంగితే పోయేది రోజు కాదు.

సైట్లో చేసే ఆ గరాటు టెస్ట్ ఏం చెబుతుంది?

అది మార్ష్ గరాటు. దాన్ని స్లర్రీతో నింపి, అందులోంచి 946 మిల్లీలీటర్లు కారడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తారు. మంచినీళ్లకి 26 సెకన్లు. తాజా స్లర్రీకి 32 నుంచి 50 మధ్య రావాలి. 30 దగ్గరికి వస్తే నీరు కలిసిందని, 50 దాటి పోతుంటే సిమెంటో బంకమట్టో కలిసిందని అనుమానించాలి. కానీ గరాటు ఒక్కటే చాలదు. బరువు తూచే బురద త్రాసు, ఇసుక శాతం కొలిచే గాజు గొట్టం కూడా ఉండాలి. శాంపిల్ ఎక్కడ తీశారన్నది అన్నిటికన్నా ముఖ్యం. పైన బకెట్ ముంచి తీసింది ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఇసుకంతా అడుగున ఉంటుంది, శాంపిల్ అక్కడిదే కావాలి.

## కేజ్, కాంక్రీట్

తవ్వడం అయిపోయింది. కేజ్ దించే ముందు స్లర్రీలోంచి ఇసుక తీసే డీసాండింగ్‌కి అన్ని గంటలు దేనికి?

తవ్వేటప్పుడు స్లర్రీలో ఇసుక తేలుతూ ఉండటం వల్ల నష్టం లేదు. కాంక్రీట్ పోసేటప్పుడు మాత్రం అది శత్రువు. కాంక్రీట్ అడుగు నుంచి పైకి వస్తూ స్లర్రీని తోసేయాలి. స్లర్రీ ఇసుకతో బరువెక్కితే కాంక్రీట్ దాన్ని సరిగా తోయలేకపోతుంది. పైగా తేలే ఇసుక మెల్లగా దిగి కాంక్రీట్ నెత్తిన పేరుకుంటుంది. ఆ ముద్ద కేజ్ కడ్డీల మూలల్లో, జాయింట్ల దగ్గర చిక్కుకుని, తర్వాత బేస్‌మెంట్ తవ్వినప్పుడు మెత్తటి మచ్చలుగా బయటపడుతుంది. కాబట్టి అడుగు నుంచి స్లర్రీ లాగి, జల్లెడలు, స్లర్రీని గిర్రున తిప్పి ఇసుక వేరుచేసే సైక్లోన్లు ఉన్న డీసాండర్ గుండా పంపి, శుభ్రమైనది పైనుంచి పోస్తారు. యూరప్ ప్రమాణం ప్రకారం కాంక్రీట్‌కి ముందు బరువు 1.15 దాటకూడదు, ఇసుక 4 శాతం దాటకూడదు.

కడ్డీలకి బెంటొనైట్ అంటుకుంటే కాంక్రీట్ పట్టు ఉంటుందా?

పలుచటి పూత అంటుకుంటుంది. పైకి వచ్చే కాంక్రీట్ దాన్ని చాలావరకు రాసేస్తుంది. గరుకు కడ్డీలు వాడటం వల్ల మిగిలిన కొద్దిపాటి లోటు డిజైన్‌లో సర్దుకుంటుంది. అసలు చిక్కు పూతతో కాదు, ఆలస్యంతో. కదలకుండా ఉన్న స్లర్రీ జెల్లీలా బిగుస్తుంది, గట్టు మీద పొర మందమవుతుంది. కేజ్ దించి రాత్రంతా వదిలేసి పొద్దున కాంక్రీట్ పోస్తే కడ్డీల మధ్య ఆ జెల్లీ కదలనని మొండికేస్తుంది. కేజ్ దిగాక కొద్ది గంటల్లోనే కాంక్రీట్ మొదలవ్వాలి.

పోసిన కాంక్రీట్ లోపల ఎలా ఉందో కనబడదు కదా, తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది?

ప్రతి లారీకి ఎత్తు కొలిస్తే తెలుస్తుంది. 6 మీటర్ల పొడవు, 0.8 మీటర్ల మందం, 30 మీటర్ల లోతున్న ప్యానెల్‌కి లెక్క ప్రకారం 144 ఘనపు మీటర్లు కావాలి. 6 ఘనపు మీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు 24. ఒక్కో లారీ కాంక్రీట్ మట్టాన్ని 1.25 మీటర్లు పెంచాలి. బరువు కట్టిన టేపు దించి ప్రతి లారీ తర్వాత కొలిచి రాసుకోండి. కందకం కాస్త పెద్దగానే తవ్వబడుతుంది కాబట్టి 1.15 వచ్చినా కంగారు లేదు. ఒక లారీకి 0.8 మీటర్లే పెరిగిందంటే అక్కడ వైశాల్యం 7.5 చదరపు మీటర్లన్నమాట. ఆ లోతున గట్టు విరిగి పొట్ట ఏర్పడింది. బేస్‌మెంట్ తవ్వేటప్పుడు ఆ పొట్ట లోపలివైపుంటే చెక్కాలి. 1.6 మీటర్లు పెరిగితే అంతకన్నా ప్రమాదం. అక్కడ మట్టి జారి కందకం సన్నబడింది, గోడలో మట్టి ఉండిపోయే అవకాశం ఉంది.

ఇంకో ముఖ్యమైన కొలత, కాంక్రీట్‌ని అడుగుకి చేర్చే ట్రెమీ పైపుది. దాని మూతి ఎప్పుడూ కనీసం 2, 3 మీటర్లు కాంక్రీట్‌లో మునిగి ఉండాలి. లారీ ఆలస్యమైందని, పైపు బిగిసిందని తొందరపడి పైకి లాగితే మూతి స్లర్రీలోకి వస్తుంది. తర్వాత పోసినది స్లర్రీతో కలిసి గోడకి అడ్డంగా బురద చార అవుతుంది. దాన్ని బయట నుంచి ఎవరూ చూడలేరు, నీళ్లు మాత్రం వెతుక్కుని వస్తాయి.

## గోడ పూర్తయ్యాక

జాయింట్ల దగ్గర నీరు కారుతోంది. బెంటొనైట్ బాగోలేదా?

చాలాసార్లు బెంటొనైట్ బాగానే ఉంటుంది, దాన్ని శుభ్రం చేయడంలోనే లోపం ఉంటుంది. పాత ప్యానెల్ అంచు మీద అంటుకున్న పొరని బ్రష్‌తో గీకి తీశాకే పక్క ప్యానెల్ కాంక్రీట్ పోయాలి. గీకకపోతే రెండు ప్యానెళ్ల మధ్య ఆ పొర సన్నటి చారలా ఉండిపోతుంది. చెమ్మ కనిపించడం మామూలే, ఇంజెక్షన్‌తో ఆపొచ్చు. నీటితో పాటు ఇసుక వస్తుంటే మాత్రం ఆలోచించకుండా లోపల తవ్వకం ఆపాలి. ఇసుక వచ్చిందంటే గోడ వెనక ఖాళీ ఏర్పడుతోందని అర్థం.

పోలవరం డయాఫ్రం వాల్ దెబ్బతిన్నది స్లర్రీ తప్పు వల్లేనా?

కాదు. పోలవరంలో ఈ గోడ మట్టిని ఆపడానికి కట్టలేదు. ప్రధాన డ్యామ్ కింద గోదావరి ఇసుకలోంచి నీరు ఊరి పోకుండా రాతి వరకు దించిన అడ్డుకట్ట అది. పాత గోడ 2018లో పూర్తయింది. తర్వాత వరదలకి చుట్టూ నది అడుగు కోసుకుపోయి గోడ కొన్ని చోట్ల దెబ్బతింది. అంటే తవ్వకం నాటి స్లర్రీతో దానికి సంబంధం లేదు. 2025 జనవరిలో మొదలైన కొత్త గోడ మందం 1.5 మీటర్లు. ఇందులో వాడేది ప్లాస్టిక్ కాంక్రీట్. పేరు చూసి మోసపోవద్దు, ప్లాస్టిక్ ఏమీ ఉండదు. కాంక్రీట్‌లో బెంటొనైట్ కూడా కలుపుతారు. డ్యామ్ బరువుకి నేల కుంగితే పగలకుండా దానితో పాటు వంగడానికి. కేజ్ ఉండదు.

వాడేసిన స్లర్రీని డ్రైనేజీలో వదిలేయొచ్చా?

వదలకూడదు. సిమెంట్ తగిలిన స్లర్రీ క్షారంగా మారి, ముద్దకట్టి పైపుల్ని మూసేస్తుంది. చెరువులోకి పోతే అడుగున పరుచుకుంటుంది. కాంక్రీట్ తోసేసిన స్లర్రీలో పైదంతా బాగానే ఉంటుంది, డీసాండర్ గుండా పంపి మళ్లీ వాడుకోవచ్చు. కాంక్రీట్‌ని ఆనుకుని వచ్చే చివరి ఒకటి రెండు మీటర్లు మాత్రం పాడైపోతుంది. దాన్ని వేరే ట్యాంకులోకి తీసి, నీరు వేరుచేసి, మిగిలిన ముద్దని అనుమతి ఉన్న చోట పారేయాలి. ఆ రవాణా ఖర్చుని టెండర్ వేసేటప్పుడే లెక్కలో పెట్టుకోవాలి.